షూటింగ్ ఎక్కడని నేను అడగలేదు

నా నోరు మంచిది కాదని మా క్లినిక్‌లో సిస్టర్లే చెప్పుకుంటారు. ముప్పై ఏళ్ళుగా పిల్లల డాక్టర్‌ని. ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద చిన్న క్లినిక్, అక్కడికి కాస్త పైన జూబ్లీహిల్స్‌లో నేను కన్సల్టెంటుగా వెళ్ళే ఆసుపత్రి. అరవకపోతే ఈ తల్లులు వినరు అనేది నా సిద్ధాంతం. యాంటీబయాటిక్ రెండు రోజులకే ఆపేస్తారు, జ్వరం వచ్చిన పిల్లకి నిమ్మకాయలు తిప్పి పడేసి తీరిగ్గా తీసుకొస్తారు. అరవక చస్తానా మరి!

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది సినిమావాళ్ళే. పెద్ద పేర్లున్న వాళ్ళు కాదు. లైట్లు మోసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, సెట్లకి రంగులు వేసేవాళ్ళు. వాళ్ళలో ఒక తల్లి కాస్ట్యూమ్స్‌లో టైలరు. ఆమెకి ఒక్కతే కూతురు. కూతురికి ఏడేళ్ళు, పెద్ద కళ్ళు, మాటల పుట్ట. తల్లి వెంట సెట్‌కి వెళ్తూ వెళ్తూ ఎవరి కళ్ళలోనో పడి తనూ నటించడం మొదలుపెట్టింది. నా స్టెతస్కోపు లాక్కుని, నన్ను కూర్చోబెట్టి, "గట్టిగా ఊపిరి తీసుకోమ్మా, భయపడకు" అని నా గొంతుతోనే నాకు చెప్పేది. ఆ వేషానికి బయట కూర్చున్న పేషెంట్లు కూడా నవ్వేవాళ్ళు.

ఆ పిల్ల టీకాల కార్డులో ఒక గడి ఖాళీగా ఉండేది. ఎప్పుడో పిల్ల రెండేళ్ళప్పుడు తల్లి దాని మీద వేలు పెట్టి అడిగింది.

"మేడం, గీ సూది ఇయ్యలేదు గద?"

"అది జపనీస్ ఎన్‌కెఫలైటిస్‌ది. మెదడువాపు జ్వరం. వరి పొలాలు, పందులు ఉండే జిల్లాలకి. ఫిల్మ్‌నగర్‌లో ఏ వరి పండిస్తున్నావమ్మా నువ్వు?" అన్నాను.

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట అప్పటికి తప్పు కాదు. ఆ టీకా ప్రభుత్వం వేసేది జబ్బు ఉన్న జిల్లాల్లో పిల్లలకే. మా మార్గదర్శకాల్లోనూ అదే ఉంటుంది. కాకపోతే దాని కింద ఇంకో వాక్యం ఉంటుంది: అలాంటి చోట్లకి వెళ్ళి ఉండబోయే పిల్లలకి కూడా వేయాలి అని. అమెరికా, జపాన్ వెళ్ళేవాళ్ళు ఏ టీకాలు కావాలని అడిగితే నాకు అంతా నోటికి వచ్చు. ఐదు గంటల దూరంలో ఉన్న పల్లెకి వెళ్ళడం కూడా ప్రయాణమేనని నాకెప్పుడూ తట్టలేదు.

పిల్లల్ని షూటింగ్‌కి తీసుకెళ్ళాలంటే డాక్టరు ఫిట్‌నెస్ కాగితం అడుగుతారు. నా బల్ల సొరుగులో అచ్చు వేయించిన ఫారాలు ఒక కట్ట ఎప్పుడూ ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు, బరువు, చూపు. రెండు నిమిషాల పని. వానాకాలం మొదట్లో ఆ తల్లి ఆ కాగితం కోసం వచ్చింది. పిల్లకి పెద్ద వేషం దొరికిందట, హీరోయిన్ చిన్నప్పటి పాత్ర. షెడ్యూలు మొదలవడానికి ఇంకా నెలన్నర ఉంది.

"మేడం, షూటింగు ఊర్ల. ఇరవై రోజులు ఆడనే ఉండాలె. గాడ..." అని ఏదో చెప్పబోయింది.

"కాచిన నీళ్ళు తాగించు. బయట పానీపూరీలు పెట్టకు. విరేచనాలైతే ఓఆర్ఎస్. తెలిసిందా? ఇంక లే, బయట పదిహేను మంది ఉన్నారు" అని సంతకం పెట్టి చేతిలో పెట్టాను.

ఏ ఊరు అని అడగలేదు. అడిగుంటే అయిపోయేది. ఇరవై ఎనిమిది రోజుల తేడాతో ఆ టీకా రెండు డోసులు. నెలన్నర టైముంది. రెండూ వేసి పంపగలిగేదాన్ని.

వాళ్ళు వెళ్ళిన ఊరు చెరువు కింద వరి పండే ఊరు. ఊరి చివర పందుల దొడ్లు, పొలాల నిండా కొంగలు. పందుల్లో, కొంగల్లో ఆ మెదడువాపు వైరస్ పెరుగుతుంది. పొలంలో నిలిచిన నీళ్ళలో పుట్టే క్యూలెక్స్ దోమ వాటిని కుట్టి, తర్వాత మనిషిని కుడుతుంది. పొద్దువాలిన దగ్గర్నుంచి తెల్లవారేదాకా దాని డ్యూటీ. మనవాళ్ళకేమో సినిమాలో ఆ సంజె వెలుతురే కావాలి! పిల్లని మోకాళ్ళ పైకి గౌను వేసి గట్టు మీద కూర్చోబెట్టి, రోజూ ఆ వెలుతురు పోయేదాకా తీశారట. దోమల క్రీము రాస్తే కాళ్ళు కెమెరాలో మెరుస్తున్నాయని తుడిపించేశారట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అడగాల్సినప్పుడు అడగని ప్రశ్నలన్నీ చేతులు కాలాక కూర్చుని అడిగాను.

తిరిగొచ్చిన వారానికి జ్వరం. తలనొప్పి, రెండు వాంతులు. డెంగ్యూ రోజులు కదా, ఆ పరీక్షలు చేయించాను. లేదని వచ్చింది. ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి. మూడో రోజు పొద్దున తల్లి ఫోన్ చేసింది.

"మేడం, పోరి నన్ను గుర్తువడ్తలేదు. ఏందో ఏందో మాట్లాడ్తుంది. జర చూడుండ్రి మేడం."

తిన్నగా ఆసుపత్రికి తీసుకురమ్మన్నాను. ఆటోలోనే ఫిట్స్ మొదలయ్యాయి. క్యాజువాల్టీలో మంచం మీద పడుకోబెట్టేసరికి ఒళ్ళు కాలిపోతోంది, మెడ బిగుసుకుపోయి ఉంది, కుడి చెయ్యి కొట్టుకుంటోంది. ఆక్సిజన్ పెట్టి, ఫిట్స్ ఆగడానికి ఇంజెక్షన్ ఇస్తూనే తల్లిని అడిగాను, "ఈ పదిహేను ఇరవై రోజుల్లో ఎక్కడికైనా వెళ్ళారా?"

"షూటింగు పోయినం గద మేడం. మీరే గద కాయిదం ఇచ్చింది."

"ఏ ఊరు?"

ఊరి పేరు చెప్పింది. వరి పొలాల జిల్లా. టీకాల కార్డులో ఆ ఖాళీ గడి, మెదడువాపు జ్వరం గుర్తొచ్చాయి.

ఆ జబ్బుకి మందు లేదు. వైరస్‌ని చంపే మందు ఏదీ లేదు. హెర్పిస్ వైరస్ వల్ల కూడా మెదడువాపు వస్తుంది, దానికి మందుంది. అందుకని అది కాదని తేలేదాకా ఎసైక్లోవిర్ ఇచ్చాం. బాక్టీరియా కాదని తేలేదాకా యాంటీబయాటిక్ ఇచ్చాం. స్కాన్‌లో మెదడు లోపల రెండు వైపులా థాలమస్ అనే భాగంలో వాపు కనిపించింది. మెదడులో ఒత్తిడి అదుపులోకి వచ్చాక నడుము దగ్గర సూది పెట్టి తీసిన నీళ్ళని పరీక్షకి పంపాం. కొన్ని రోజులకి జపనీస్ ఎన్‌కెఫలైటిస్ అనే వచ్చింది. నిబంధన ప్రకారం ఆరోగ్యశాఖకి తెలియజేశాం.

మేం చేయగలిగిందల్లా పిల్ల ఒంటిని కాపాడుతూ కూర్చోవడమే. ఊపిరి మందగిస్తే వెంటిలేటర్ పెట్టాం. తలవైపు మంచం ఎత్తి, మెదడు వాపు తగ్గడానికి మందులు ఎక్కించాం. ఫిట్స్ మళ్ళీ మళ్ళీ వచ్చాయి, ఒకటి చాలక రెండు మందులు కలిపాం. జ్వరం తగ్గించడం, ఉప్పు, చక్కెర తేడా రాకుండా గంటగంటకీ చూసుకోవడం, ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం. ఇదే వైద్యం. ఆ తల్లి గాజు తలుపు బయట నిలబడి, నేను కనపడితే చాలు అడిగేది.

"మాట్లాడ్తదా మేడం?"

బతుకుతుందా అని అడగలేదెప్పుడూ. బతికిస్తానని నా మీద నమ్మకం. నాకే లేదు. కొంతమంది పిల్లలు పోతారు. మిగిలినవాళ్ళలో చాలామంది మునుపటిలా ఇంటికి వెళ్ళరు. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఎవరి మీద పడితే వాళ్ళ మీద లేచే నోరు!

ఆ రోజుల్లోనే ఆ ఊరి ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాను, ఇంకెవరికైనా జ్వరాలున్నాయా అని. అక్కడ టీకాలు వేసే నర్సు, ఏఎన్ఎమ్ ఎత్తింది.

"మా ఊర్ల పిల్లలకు ఎవ్వరికీ లేదు మేడం. అందరికీ తొమ్మిది నెలలకొకటి, ఏడాదిన్నరకొకటి ఏసేసినం. సినిమోళ్ళ పాప సిటీ పిల్ల గద, అన్నీ ఏయించే ఉంటరనుకున్నం" అంది.

ఊళ్ళో ఆ పిల్లతో గట్ల మీద ఆడుకున్న పిల్లలందరికీ ఉచితంగా అందిన టీకా అది. జూబ్లీహిల్స్ డాక్టరమ్మ దగ్గరికి వచ్చిన పిల్లకే అందలేదు. టీకా వేసినంత మాత్రాన నూటికి నూరుపాళ్ళూ రాదని చెప్పలేం, ఆ మాట నన్ను నేను ఓదార్చుకోవడానికి చాలాసార్లు అనుకున్నాను. తాడిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉంటుంది ఆ ఓదార్పు.

పిల్ల బతికింది. పన్నెండో రోజు వెంటిలేటర్ తీశాం. కళ్ళు తెరిచింది. ఆ కళ్ళ కింద ముఖం మాత్రం కదల్లేదు. నవ్వు లేదు, ఏడుపు లేదు. చేతులు మెలితిరిగి బిగుసుకుపోయేవి, నోటి పక్కనుంచి చొంగ కారేది. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ మొదలుపెట్టాం. ఆరు నెలలకి పట్టుకుంటే నాలుగడుగులు వేసింది. మాటలు మూడు వచ్చాయి. అమ్మ, నీళ్ళు, వద్దు. ఫిట్స్ మందు ఇప్పటికీ నడుస్తోంది. సినిమా విడుదలైంది, తన డైలాగులు ఇంకో పిల్ల చెప్పింది. తల్లి చూడలేదట. నేను వెళ్ళాను. సగంలో లేచి వచ్చేశాను.

ఇప్పుడు ఫిట్‌నెస్ కాగితానికి ఎవరొచ్చినా ముందు ఏ ఊరు, ఏ నెల, ఎన్ని రోజులు అని అడుగుతాను. పొలాల ఊరైతే టీకా వేసిగానీ సంతకం పెట్టను. షూటింగ్ వాయిదా పడుతుందని మేనేజర్లు గోల పెడితే పెట్టుకోనీ. ఏం లాభం, ఆ పిల్లకి ఇవేవీ పనికిరావు.

సంవత్సరం దాటాక ఒక రోజు తల్లి మందులు రాయించుకోవడానికి వచ్చింది. పిల్ల ఒళ్ళో ఉంది, ఎదిగిన పిల్లని చంటిపిల్లలా పట్టుకుని కూర్చుంది. ఇంక నా వల్ల కాలేదు. సిస్టర్‌ని బయటికి పంపి తలుపు వేశాను.

"చూడమ్మా, నీకొకటి చెప్పాలి. ఆ రోజు కాగితం ఇచ్చేటప్పుడు నేను ఏ ఊరని అడిగి ఉండాల్సింది. టీకా వేసి ఉండాల్సింది. వేసుంటే చాలావరకు ఇది వచ్చేది కాదు. తప్పు నాది" అన్నాను. ఎన్నాళ్ళుగానో చెప్పకుండా దాచుకున్న మాట. ఇక తిడుతుందని కాచుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

ఆమె పిల్ల మూతి తుడిచింది.

"ఎరుకే మేడం. గప్పుడే ఆరోగ్యశాఖోళ్ళు ఇంటికొచ్చి కార్డు సూసి చెప్పిండ్రు."

"మరి నన్నెందుకు అడగలేదమ్మా ఇన్నాళ్ళూ?"

"అడిగితే మీకు కోపమొస్తది గద. మీరు చూడనంటే, ఫిట్సొస్తే బిడ్డను ఎవరి కాడికి తీస్కపోవాలె?"

నేను తల వంచుకుని మూడు నెలలకి మందులు రాశాను. ఆమె చీటీ తీసుకుంది, పిల్లని భుజానికెత్తుకుని, "శాన థాంక్స్ మేడం" అని వెళ్ళిపోయింది.