ఇంటి పరిస్థితులని రాసిన రాజీనామా

నా మొదటి రాజీనామా ఉత్తరం పచ్చి అబద్ధం. రాసింది నేను కాదు, హుస్సేనీ ఆలంలో మా ఆసుపత్రికి రెండు సందుల అవతల టైపు మిషను పెట్టుకు కూర్చునే భాయ్. "వజహ్ క్యా లిఖూఁ, సిస్టర్?" అని మానడానికి కారణం అడిగాడు. "ఏదో ఒకటి రాయి భాయ్, లొల్లి గాకుండ" అన్నాను. అందరికీ పనికొచ్చే వాక్యం అతని దగ్గర ఒకటుంది: అనివార్యమైన ఇంటి పరిస్థితుల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను. ఇంగ్లిషులో మహా గంభీరంగా ఉంది. సంతకం పెట్టేశాను.

అసలు సంగతి, నాకు మద్రాసులో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చింది. ఆరేళ్లు కాన్పుల వార్డులో చేసిన నర్సుకు అది చిన్న మాటా! ఐదు వారాల్లో చేరాలి. చేరేటప్పుడు ఆసుపత్రి ఇచ్చిన రిలీవింగ్ ఆర్డరు చూపించాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఇంత మంచి కబురు మా మేట్రన్‌కు చెప్పడానికే నాకు నోరు రాలేదు. ఆ ఏడు అప్పటికే ఇద్దరు నర్సులు గల్ఫుకు వెళ్లిపోయారు. "ఇగ నువ్వొక్కదానివే నాకు దిక్కు" అని ఆమె నా భుజం మీద చెయ్యేసి అంది. నేను ఉత్త పిరికిదాన్ని. ఆమె భోజనానికి వెళ్లిన సమయం చూసి, ఉత్తరం బల్ల మీద పెట్టి పారిపోయి వచ్చాను.

మర్నాడు ఆదివారం. జహనుమాలో మా ఇంటి ముందు రిక్షా ఆగింది. గొడుగు పట్టుకుని మేట్రన్ దిగింది. బస్సు డిపోలో మెకానిక్కయిన మా బాపు గుమ్మంలో కూర్చుని స్టవ్వు బాగుచేస్తున్నాడు. ఆమె కాళ్లకున్న చెప్పులైనా విడవలేదు.

"ఏందయ్యా, బిడ్డతోని కొలువెందుకు మాన్పిస్తున్నవ్? పెండ్లి జేస్తున్నవా? చెయ్యి, ఎవరొద్దన్నరు? పెండ్లయినోళ్లు నౌకరి చేస్తలేరా?"

బాపు చేతిలో స్టవ్వు పిన్ను అలాగే ఉండిపోయింది. "నేనేడ మాన్పిచ్చిన్నమ్మా? పిల్ల పెద్ద సదువుకు పోతున్నదని గల్లీ మొత్తం మిఠాయి పంచితి గదా!"

ఆమె నా వైపు తిరిగింది. నేల చీలితే దూరిపోదామనిపించింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మంచం మీద కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగింది.

"నాకు గూడ సీటొచ్చిందే ఒకప్పుడు. మా నాయిన మంచాన పడ్డడు. తమ్ముండ్లు చిన్నోళ్లు. ఇంటి పరిస్థితులు బాగలేవని కాలేజీకి నేనే రాసి ఊకున్న. నీ కాయిదంల గదే మాట చూసి రాత్రంత పాణం కొట్టుకున్నది."

నేను ఏడ్చేశాను. "ఏడుపు తర్వాత. కాయిదం తే" అంది.

మళ్లీ మొదలుపెట్టాం. ఫలానా చదువు కోసం, ఫలానా తేదీన చేరాలి, నేటి నుంచి నెల నోటీసు, ఆఖరి పనిదినం ఇది. తర్వాత కృతజ్ఞత. నేను ఆమె రుణం తీర్చుకోలేనంటూ అరపేజీ రాశాను. ఆమె కొట్టేసింది. "దవాఖాన సెక్రటరీ సారు గివన్ని చదువడు. ఈడ ఏం నేర్చుకున్నవో రాయి."

కంగారుపడకుండా కాన్పు చెయ్యడం, ఏదీ దాచకుండా రిపోర్టు రాయడం నేర్పినందుకు కృతజ్ఞతలని రాశాను.

"ఏదీ దాచకుండనా? సిగ్గు లేదే నీకు!" అని నెత్తి మీద ఒక్కటి వేసింది. బాపు పడీ పడీ నవ్వాడు.

ఆ తర్వాత అప్పగింతల జాబితా. మందుల బీరువా తాళాలు, రిజిస్టరు ప్రకారం లెక్కపెట్టిన, నొప్పికిచ్చే మత్తుమందు పెథిడిన్ ఇంజెక్షన్లు, పనిముట్లు, దుప్పట్లు, లెక్క చూపడానికి దాచిన పగిలిన థర్మామీటర్ల ముక్కలున్న సీసా. అన్నీ రాశాక "ఫలానా వారికి అప్పగిస్తాను" అన్న దగ్గర నా కలం ఆగిపోయింది. ఆ ఫలానా ఎవరు? కొత్త నర్సు రావడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది. చార్జి తీసుకునే మనిషి లేనిదే సెక్రటరీ ఎవరినీ వదలడు. సీటు పోయినట్టేననుకున్నాను.

ఆమె కాగితం లాక్కుని ఖాళీలో ఒక్క మాట రాసింది: మేట్రన్‌కు.

"మీరా మేడమ్? వార్డు పనా? ఆ మోకాళ్లతోనా?"

"ఏం, నేను నర్సును గానా?"

సెక్రటరీ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఇద్దరం బీరువా ముందు నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టాం. పెథిడిన్ రెండోసారి కూడా లెక్కపెట్టించింది. తర్వాత మంచం మంచానికీ తిరిగి ఏ తల్లి సంగతేమిటో చెప్పాను. నాకు థర్మామీటరు పట్టుకోవడం నేర్పిన మనిషి, కొత్త పిల్లలా తలూపుతూ విన్నది. రిజిస్టరులో "అప్పగించాను" అని నేను సంతకం చేశాను. దాని కింద "తీసుకున్నాను" అని ఆమె చేసింది. తాళాల గుత్తి నడుముకు దోపుకుంది.

అప్పుడే మూల మంచం మీది ఆడమనిషి "సిస్టర్!" అని కేకేసింది. నేను గబుక్కున అటు కదిలాను. మేట్రన్ నా రెక్క పట్టుకుని ఆపింది.

"నిన్ను గాదు బిడ్డా, నన్ను పిలుస్తున్నది. నువ్వు పో" అని, మోకాలి మీద చెయ్యేసుకుని ఆ మంచం దగ్గరికి నడిచింది.