హైమావతి మేడమ్ పచ్చ ఫైలు

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో తన విద్యార్థి ఒక్కడు కూడా పోలీస్ స్టేషన్ మెట్లెక్కలేదని హైమావతి గారికి కాస్త గర్వం. కాస్తేమిటి, బాగానే గర్వం. కావలిలో ఫిజిక్స్ పంతులమ్మగా మొదలై, నెల్లూరులో వైస్ ప్రిన్సిపాల్ అయి, కంప్యూటర్ ఉద్యోగాల కోసం మనవాళ్ళు గుంపులు గుంపులుగా సింగపూర్ దిగుతున్న రోజుల్లో, వాళ్ళ పిల్లల కోసం యీషున్‌లో పెట్టిన ఒక ఇండియన్ స్కూలుకి ప్రిన్సిపాల్‌గా వచ్చారావిడ. భర్త పోయి ఏడేళ్ళు. ఉన్నది ఒక్క కూతురు భువన, ఆ స్కూల్లోనే పన్నెండో తరగతి. ఆవిడ ఉద్యోగం మీద ఆవిడ పాసు, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే వీసా, ఆవిడ పాసు మీద కూతురి పాసు. ఉద్యోగం ఊడితే ఇద్దరూ పెట్టె సర్దుకోవలసిందే.

ఆవిడ పద్ధతి ఒకటుంది. పిల్లలు కొట్టుకున్నా తిట్టుకున్నా, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని ఏడిపించినా, రెండు వైపుల తండ్రుల్నీ తన గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, నాలుగు మంచి మాటలు చెప్పి, పిల్లల చేత చేతులు కలిపించి, ఒక కాగితం రాయించేది. రాసేది ఆవిడే, సంతకాలు మాత్రం వాళ్ళవి. ఆ కాగితం పచ్చ అట్ట ఫైల్లోకి వెళ్ళేది, ఫైలు బల్ల సొరుగులోకి, సొరుగు తాళం ఆవిడ కొంగు ముడిలోకి. వాళ్ళ నాన్న వీధి అరుగు మీద కూర్చుని ఊరి తగాదాలన్నీ ఇలాగే తీర్చేవాడు. ఇంటి గుట్టు లంకకు చేటు అని ఆయన అంటే, ఇది స్కూలుకీ వర్తిస్తుందని ఆవిడ నమ్మింది. పాపం, మంచి ఉద్దేశంతోనే నమ్మింది. మంచి ఉద్దేశాలతో వచ్చే చిక్కే అది, వాటిని ఎవరూ అనుమానించరు.

ఆ ఉదయం స్కూలు హాల్లో ఆవిడ పిల్లలకి ఉపన్యాసం ఇవ్వాలి. కారణం బాలు. పన్నెండో తరగతి, పదిహేడేళ్ళు, లెక్కల్లో మొదటివాడు. కిందటి వారం జురాంగ్ వెస్ట్‌లో ట్రాఫిక్ పోలీసులు వాణ్ణి ఆపారు. లైసెన్సు లేదు. బండి వాళ్ళ అన్నయ్యది. వెనక హెల్మెట్లు లేకుండా కొత్తగా చేరిన పిల్లలిద్దరు. వాళ్ళు ఏడుస్తూ, "కొత్తవాళ్ళందరినీ ఇలాగే తిప్పుతాడంకుల్, అరిస్తే ఇంకా స్పీడ్ చేస్తాడు" అని పోలీసుతో చెప్పేశారు. కేసు నమోదైంది. బాలుని స్కూలు సస్పెండ్ చేసింది. పిల్లలందరికీ గట్టిగా చెప్పండి, పోలీసు అధికారిని కూడా పిలవండి అని స్కూలు కమిటీ హుకుం వేసింది.

ఆవిడకి మాత్రం బాలు పేరు వినగానే సొరుగు గుర్తొచ్చింది.

సరిగ్గా ఎనిమిది నెలల కిందట, నిశాంత్ అనే కుర్రాడు హైదరాబాద్ నుంచి వచ్చి పదకొండులో చేరాడు. తండ్రి జనార్దనరావు ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్, తల్లి ఉమ. చేరిన మూడో రోజు బాలు వాణ్ణి బండి వెనక కూర్చోబెట్టుకుని క్రాంజీ దాకా తీసుకెళ్ళి, జనం లేని పొలాల దారిలో పాములా మెలికలు తిప్పాడు. నిశాంత్ జారిపడ్డాడు, కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రి నుంచి ఉమ వణుకుతూ ఫోన్ చేస్తే హైమావతి గారు ఒక్కటే చెప్పారు: "ఉమా, నేను చెప్పేది వినమ్మా. స్కూల్ మెట్ల మీద జారాడని చెప్పు. పోలీసుల దాకా పోతే రెండు కుటుంబాల పాసులకీ ముప్పు. నేను చూసుకుంటాను."

ఆ ముప్పు నిజమో కాదో ఎవరినీ అడగలేదు. వీసా మాట ఎత్తితే చాలు, మనవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు. డాక్టరు మెట్లు అనే రాసుకున్నాడు. మర్నాడు ఆఫీసులో కాఫీ, మంచి మాటలు, కాగితం. నిశాంత్ కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి బాలుతో ఎడమ చెయ్యి కలిపాడు, ఎడమ చేత్తోనే సంతకం పెట్టాడు. కోడి గెలికినట్టుంది ఆ సంతకం. ఎముక సరిగా అతకలేదు. ఈ రోజుకీ వాడు పావుగంట మించి కుడి చేత్తో రాయలేడు, మెల్లగా ఎడమ చెయ్యి నేర్చుకుంటున్నాడు.

ఉపన్యాసానికి అరగంట ముందు, పిలిచిన పోలీసు అధికారి స్టాఫ్ సార్జెంట్ టాన్ ఆవిడ గదికి వచ్చాడు. టీ వద్దని మంచినీళ్ళు తీసుకుని, నోట్‌బుక్ తీశాడు. "మేడమ్, ఈ కుర్రాడి గురించి ఇంతకు ముందు స్కూలుకి ఏదైనా ఫిర్యాదు వచ్చిందా?"

సొరుగు ఆవిడ మోకాలికి తగులుతోంది.

"లేదు," అన్నారు హైమావతి గారు.

ఆయన రాసుకున్నాడు. నోట్లోంచి వచ్చేసిన మాటని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు, ఇంతలో గంట కొట్టారు.

హాల్లో నాలుగు వందల మంది. ఫ్యాన్లు తిరుగుతున్నా ఉక్క. హెడ్ గర్ల్ కాబట్టి భువన వేదిక పక్కనే నిలబడింది. పొద్దున ఇంట్లో "స్పీచ్ షార్ట్‌గా ఇవ్వమ్మా, లేకపోతే అందరూ స్లీపింగ్ లా" అని సింగపూర్ యాసలో అంది. ఈ రోజు ఎవరూ నిద్రపోలేదు. ఆవిడ ఇంగ్లీషులో మొదలుపెట్టారు, గొంతు బాగానే నిలబడింది.

"మీరు సరదా అంటారు. చట్టానికి సరదా అన్న మాట తెలియదు. ఒకణ్ణి బాత్రూములో పెట్టి గడియ వేస్తే అది అక్రమ నిర్బంధం. చెప్పినట్టు చెయ్యకపోతే నీ సంగతి చూస్తానంటే అది బెదిరింపు. చెయ్యి చేసుకుంటే గాయపరచడం. లైసెన్సు లేకుండా బండెక్కితే ఒక నేరం, అప్పుడు ఇన్సూరెన్సు ఉండదు కాబట్టి ఇంకొకటి, ప్రమాదకరంగా నడిపితే మరొకటి. ఒకరికి దెబ్బ తగిలాక పోలీసులకి చెప్పకుండా ఊరుకుంటే అదీ నేరమే. పదహారు దాటినవాళ్ళకి పిల్లల కోర్టు లేదు, పెద్దల కోర్టే."

పిల్లలు కదలకుండా వింటున్నారు. ఆవిడ కాగితం తిప్పారు. తర్వాతి పేరా సార్జెంట్ ఆఫీసు పంపిన నోట్సు చూసి నిన్న ఆవిడే రాసుకున్నది.

"భయపడి ఒప్పుకుంటే అది ఒప్పుకోవడం కాదు. బండి ప్రమాదకరంగా నడిపినవాడితో మీరు తర్వాత చేతులు కలిపినా, కాగితం రాసుకున్నా, ఆ కేసు పోదు. దాన్ని వదిలెయ్యడం మీ చేతుల్లో లేదు. మీ..." ఆవిడ ఆగారు. కాగితంలో 'మీ ప్రిన్సిపాల్ చేతుల్లోనూ లేదు' అని ఉంది. రాసేటప్పుడు చాలా బాగుందనుకున్న వాక్యం. నీళ్ళు తాగి ఆ వాక్యం చదివారు. ఐదో వరుస చివర నిశాంత్ తల ఎత్తాడు.

ఆ స్కూల్లో పిల్లలు నిలబడి ప్రశ్నలు అడగరు, సిగ్గు. చీటీల మీద రాసి అట్టపెట్టెలో వేస్తారు, ప్రిన్సిపాల్ చదువుతారు, వచ్చిన అతిథి జవాబు చెబుతాడు. ఈ ఏర్పాటు కూడా హైమావతి గారిదే. భువన పెట్టె తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

మొదటి చీటీ: సైకిలుకి లైసెన్సు కావాలా. అందరూ నవ్వారు, సార్జెంట్ కూడా నవ్వి అక్కర్లేదన్నాడు. ఆవిడ రెండోది విప్పారు.

కోడి గెలికినట్టున్న అక్షరాలు. 'ప్రిన్సిపాల్ చెప్పమంటే మెట్ల మీద జారానని అబద్ధం చెప్పినవాడిది నేరమా, చెప్పించినవాళ్ళదా?'

ఆవిడ దాన్ని మడిచి, "ఇది సబ్జెక్టుకి సంబంధించింది కాదు" అని పక్కన పెట్టారు. మూడోది విప్పారు. అవే అక్షరాలు. మళ్ళీ మడిచి నాలుగోది. అదే. కుర్రాడు మేడమ్‌ని బాగా చదివాడు, ఒక్క చీటీ వేస్తే అది కాగితాల కింద మాయమవుతుందని వాడికి తెలుసు. ఎన్ని వేశాడో, ఎడమ చేత్తో ఎంతసేపు రాశాడో. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆవిడ పని. పెట్టె మూసేస్తే సార్జెంట్ చూస్తున్నాడు, చదివితే నాలుగు వందల మంది వింటున్నారు. భువన దగ్గరికొచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని మెల్లగా అడిగింది.

కూతురి మొహం చూడగానే ఆవిడకి ఏడుపొచ్చింది. ఈ పిల్ల పరీక్షలింకా నాలుగు నెలలున్నాయి. ఇంకొక్క చీటీ మడిచేస్తే చాలు, టైమైపోయిందని చెప్పి అందరినీ పంపెయ్యవచ్చు. కానీ మొన్న బాలు బండి వెనక ఏడ్చిన ఆ ఇద్దరు పిల్లలు మూడో వరుసలో కూర్చున్నారు. అప్పుడు తను నోరు విప్పి ఉంటే వాళ్ళు ఆ బండి ఎక్కేవాళ్ళే కాదు. ఆ సంగతి ఆవిడకి వారం నుంచీ తెలుసు. తెలిసీ దాని చుట్టూ నడుస్తున్నారు.

ఆవిడ చీటీ పైకి చదివారు. మొత్తం చదివారు, 'ప్రిన్సిపాల్' అన్న మాటతో సహా.

సార్జెంట్ మైకు కోసం చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు. "దీనికి జవాబు నేను చెప్పాలి. చెప్పించినవాళ్ళది. సార్, పొద్దున మీరడిగితే లేదన్నాను. ఉంది." అని కొంగు ముడి విప్పి తాళం కూతురి చేతిలో పెట్టారు. "సొరుగులో పచ్చ ఫైలుంది. నా గదిలో బల్ల మీద పెట్టు, మేము వస్తున్నాం."

టాన్ అనుభవజ్ఞుడు. హాల్లో ఇంకేమీ మాట్లాడలేదు. పిల్లల్ని క్లాసులకి పంపించమని, నిశాంత్ తల్లిదండ్రులకి ఫోన్ చెయ్యమని, వాళ్ళొచ్చేదాకా ఎవరి దగ్గరా స్టేట్‌మెంట్ తీసుకోనని చెప్పాడు. గదిలో ముగ్గురే కూర్చున్నారు. కుర్రాడు, సార్జెంట్, తలుపు మీద ఇంకా తన పేరే ఉన్న ఆవిడ.

ఫైల్లో ఇరవైకి పైగా కాగితాలు. ఆఖరిది ఇంగ్లీషులో ఉంది, ముత్యాల్లాంటి దస్తూరి. 'స్కూలు మెట్ల మీద నా అజాగ్రత్త వల్లే జారిపడ్డాను, ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు.' టాన్ రెండుసార్లు చదివి, నొసలు ముడిచి, తనలో తను అనుకుంటున్నట్టు, "ఈ సంతకమేమిటి, చదవడానికి రాదు" అన్నాడు.

హైమావతి గారు నోరు తెరిచారు, అలవాటు కదా, ఎవరిని అడిగినా జవాబు ఆవిడదే. మళ్ళీ మూసుకున్నారు.

నిశాంత్ కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాగితం వైపు చూశాడు.

"సంతకం నాది సార్," అన్నాడు. "మాటలు మేడమ్‌వి."