మా కుక్కకు బోణీ

తిరుపతిలో మేము మేడ మీది వాటాలో అద్దెకుండేవాళ్లం. ఒక రోజు పొద్దున కింద ఉండే ఇంటి ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు. నిలబడి మాట్లాడేవాళ్లతో బేరం కుదరదని నాకు చిన్నప్పుడే తెలుసు. చిత్తూరులో మా నాయన బట్టల కొట్టులో, గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని.

"మీరు తలుపేసుకొని పోతారు. కాసేపు బాగానే ఉంటాది. ఆ మీదట మొదలుపెడతాది సూడమ్మా, మద్దేనమంతా ఒకటే అరుపు. మాయాయనకు కునుకు లేదు. ఈ నెలాఖరుకు దాన్ని పంపిచ్చేయండి. కాణిపాకం దారిలో మా తమ్ముడికి మామిడి తోట ఉండాది. వాడు కట్టేసుకుంటానన్నాడు."

"ఇంకొక్క నెల చూడక్కా."

"నెలాఖరంటే నెలాఖరే."

పట్టుచీర సగానికి అడిగి తెచ్చుకునే నోరు నాది. కుక్క విషయంలో గడువు ఒక్క రోజు కూడా పెంచుకోలేకపోయాను. కట్టేసుకుంటానన్న మాటే చెవిలో మోగుతోంది. తెల్లటి పామరేనియన్. అరచెయ్యంత ఉన్నప్పటినుంచీ ఫ్యాను కింద పొర్లి పెరిగిన ప్రాణి. దాని మెడకు గొలుసు వేసి తోటలో వదిలితే ఏమవుతుందో ఊహించడానికి కూడా నాకు మనసొప్పలేదు.

మా ఆయన బ్యాంకుకు పోతే, నేను నా మ్యాచింగ్ సెంటర్‌కు పోయేదాన్ని. జాకెట్టు గుడ్డలు, ఫాల్సులు, లైనింగులు అమ్మే చిన్న కొట్టు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి మళ్లీ పోయేదాన్ని. మిగతా వేళంతా కుక్క ఒక్కటే.

పశువుల ఆసుపత్రికి ఎత్తుకుపోతే, డాక్టరు దాన్ని బల్ల మీద నిలబెట్టి, నన్ను ప్రశ్నలడిగాడు.

"మీరు గడప దాటంగానే అరస్తాడా, ఆగి అరస్తాడా?"

"ఆగి అరస్తాడంట సార్, కింద వాళ్లు చెప్పినారు."

"చొల్లు కార్చుకోవడం, తలుపు పీక్కోవడం?"

"అట్లాంటివేం లేవు."

"అయితే భయం కాదులే. ఏం తోచక. తిండి గిన్నెలో పోస్తారు గదా, ఎంతసేపు తింటాడు?"

"గిన్నె పెట్టి నేను లేచేలోపల నాకేస్తాడు."

"అదే. ముక్కుతో వెతుక్కొని తినాల్సిన జాతికి కూర్చోబెట్టి వడ్డిస్తే ఇంక పనేముండాది? ఆ తిండినే దాచి పెట్టండి. ఎక్కువ పెట్టబాకండి, రోజూ పెట్టేదాంట్లోదే. పొద్దునా సాయంత్రం నడిపించడం మాత్రం మానొద్దు."

తిండి దాచి వెతికించే చాప ఒకటి ఎలా కట్టాలో కూడా ఆయనే చెప్పాడు. నీళ్లు పోవడానికి రంధ్రాలుండే రబ్బరు మ్యాట్ తీసుకొని, ప్రతి రెండు రంధ్రాల మధ్యా గుడ్డ పీలిక దూర్చి ముడి వేయాలి. పీలికలు గడ్డిలాగా దట్టంగా లేస్తాయి. వాటి అడుగున తిండి గింజలు చల్లాలి. గుడ్డ అనగానే నా ప్రాణం లేచి వచ్చింది. కొట్టులో శాటిన్ ముక్కలు గంపెడు పడివున్నాయి, దమ్మిడీ ఖర్చు లేదు.

"శాటిన్ వద్దమ్మా," అన్నాడు. "అంచులు పోగులు ఊడతాయి. పోగు మింగితే పేగులకు చుట్టుకుంటాది. బనియన్ గుడ్డ వాడండి. మీరు ఎదురుగా ఉన్నప్పుడే చాప వెయ్యండి, తిన్నాక తీసేయండి."

మా ఆయన పాత బనియన్లన్నీ పీలికలైపోయాయి. కొత్తవి కూడా రెండు పోయాయని ఆయన ఇప్పటికీ అంటారు.

చాప కట్టాను. ప్లాస్టిక్ సీసా మూత, మూత కింద రింగు తీసేసి, పక్కన చిన్న రంధ్రం కోసి గింజలు పోశాను. దొర్లిస్తే రాలతాయి. బస్టాండు దగ్గర బొమ్మలవాడితో ఎండలో నిలబడి బేరమాడి, సంచినిండా బంతులు, తాళ్లు, కీచుబొమ్మలు తెచ్చాను. అన్నిటినీ ఒకేసారి హాల్లో పరిచాను. పండగ సేల్‌లో సరుకంతా కుప్ప పోస్తే జనం ఎగబడతారు గదా, కుక్క కూడా అంతే అనుకున్నాను.

అది మొదటి రోజు అన్నిటినీ వాసన చూసింది. మర్నాటికి వాటి మధ్యనుంచి, మా ఇంటికి వచ్చిన చుట్టంలాగా, తప్పుకొని నడిచింది. సీసాను కాసేపు తోసింది. ఒక్క గింజా రాలలేదు. పీలికల్లో ముక్కు పెట్టింది, నేను గింజలన్నీ అడుగుకంటా కుక్కి ఉన్నాను. ఊరికే దొరికితే విలువేముంటుందని నా లెక్క. అది నా ముఖంలోకి చూసి, కిటికీ దగ్గరకు పోయి మొరగడం మొదలుపెట్టింది.

కింద నుంచి ఓనరమ్మ గొంతు, "తమ్ముడికి ఫోన్ చేసినా మే!"

ఆ వారమే నాయన సరుకు పనిమీద తిరుపతి వచ్చాడు. కాళ్లు కడుక్కొని కూర్చొని, నా కుక్కబడి అంతా చూశాడు.

"ఏమ్మా, బోణీ కాకుండానే గిరాకీని పంపిచ్చేస్తా ఉండావే?"

"ఇది గిరాకీ కాదు నాయనా, కుక్క."

"ఏదైతే ఏం? పొద్దున్నే తలుపు తీసినాక వచ్చే మొదటి మనిషిని నేను ఎప్పుడన్నా ఒట్టి చేతుల్తో పోనిచ్చినానా? అడిగిన రేటుకే ఇచ్చి పంపుతా. బోణీ అయినాకే బేరం బిగిస్తా. నువ్వు తలుపు తీసినప్పటినుంచే బిగిస్తా ఉండావు. దానికేం ఆశ?"

లేచి, గింజలు పీలికల పైపైనే చల్లాడు. కుక్క వచ్చింది. మొదటిది కంటికే కనబడింది. రెండోది ముక్కుకు తగిలింది. మూడోదానికి పీలికను మూతితో పక్కకు నెట్టింది. ఆ తర్వాత అది తలెత్తలేదు. ఫుర్రు ఫుర్రుమని ఊపిరి చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేం వినపడలేదు.

"ఆ బొమ్మలన్నీ ఎందుకు పరిచినావు?" అన్నాడు నాయన. "షోకేసులో చీర నాలుగు దినాలుంటే దారిన పోయేవాళ్లు సూడరు. తీసి బీరువాలో పెట్టి, కొన్నాళ్లాగి మళ్లీ కడితే, కొత్త సరుకు ఎప్పుడొచ్చిందని అడుగుతారు. నువ్వు నా కూతురివేనా అసలు?"

ఆ రోజే సీసా రంధ్రం పెద్దది చేశాను. బొమ్మల్లో రెండు మూడు బయట ఉంచి, మిగతావి బీరువా పైన పెట్టాను. కొన్ని రోజులకొకసారి మార్చేదాన్ని. పాత తాడునే అది కొత్త చుట్టంలాగా ఎదురెళ్లి పలకరించేది. బోణీ అలవాటయ్యాక గింజలు కొంచెం లోతుకు దించాను, సీసా రంధ్రం చిన్నది చేశాను. విసుగు కనబడితే మళ్లీ సులువు చేసేదాన్ని. పళ్ల గాట్లు పడిన సీసాను పారేసి కొత్తది కోసేదాన్ని. పొద్దున చాప, మధ్యాహ్నం సీసా. నేను లేని వేళకు మాత్రం, డాక్టరు చెప్పినట్టు మా ఆయన మద్రాసు నుంచి తెచ్చిన గట్టి రబ్బరు బొమ్మ. దాని బోలులో ఉప్పు లేని పెరుగన్నం కూరి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇచ్చేదాన్ని. అది నాకి నాకి, అలిసి, బండల మీద నిద్రపోయేదట. అది చూసింది నేను కాదు.

నెలాఖరు వచ్చింది. నేను రాత్రే మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఏది ముందు అడగాలి, ఏది దాచుకోవాలి, ఎక్కడ కళ్లు తుడుచుకోవాలి. పొద్దున ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది.

"పంపిచ్చేసినారా మే? నాకు ఒక మాటైనా చెప్పలేదే!"

"ఎవరిని అక్కా?"

"కుక్కనే. వారం దినాలుగా సప్పుడే లేదు. మద్దేనం మెట్లెక్కి కిటికీలోంచి సూస్తే కాళ్లు సాపుకొని పండుకోనుండాది. మొన్న, నిన్న ఎక్కి సూళ్లేదు. తోటకు పంపినారేమో అనుకున్నా. మా తమ్ముణ్ణడిగితే రాలేదన్నాడు."

కుక్క చాప మీద ఉంది. ఆమెను చూసి ఒక్కసారి మొరిగి, మళ్లీ పీలికల్లో తల పెట్టేసింది. మొరగడం దానికి ఇప్పుడు పక్కపని. ఆమె చూస్తూ చూస్తూ కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చోవడం చూడగానే బేరానికి దారి దొరికిందనుకున్నాను.

"ఏం ఎతుకుతాది అట్లా?"

"దాని టిఫినే అక్కా."

"గిన్నెలో పెడితే తినదా?"

"తింటాది. తిన్నాక మొరుగుతాది."

ఓనరమ్మ నవ్వింది. "ఉండనీలే. తమ్ముడికి నేను చెప్తా."

సిద్ధం చేసుకున్న మాటలన్నీ వృథా. గిరాకీ తనంతట తనే ఒప్పేసుకుంటే నాలాంటిదానికి చేతులు ఆడవు. ఊరుకోవచ్చు గదా, ఊరుకోలేదు.

"అట్నే అక్కా, ఆ వంటింట్లో కొళాయి కారతా ఉండాది..."

"కుక్కకు ఒప్పుకున్నా గానీ నీక్కాదు మే!"

అంటూనే వంగి, చాప పక్కకు దొర్లిన ఒక గింజను వేలితో పీలికల కిందకు నెట్టింది. మరీ లోతుకు కాదు.