మూడు స్టార్ల దగ్గర మొదలుపెట్టు

పుస్తకం కొనే ముందు రివ్యూలు ఎలా చదవాలో నాకు నేర్పింది నా భర్త. పెళ్ళైన కొత్తలో అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. అప్పట్లో నేను స్టార్లు చూసి పుస్తకాలు కొనేసి, సగం కూడా చదవకుండా పక్కన పడేసేదాన్ని. ఒకరోజు తను నా పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. ఐదు స్టార్ల వాళ్ళు ప్రేమలో ఉంటారు, ఒక్క స్టార్ వాళ్ళు కోపంలో ఉంటారు, మూడు ఇచ్చినవాళ్ళే పుస్తకం గురించి మాట్లాడతారు, అక్కడ మొదలుపెట్టు అన్నాడు. తర్వాత ఒక్క స్టార్ రివ్యూలు చూపించాడు. ఒకాయన అట్ట నలిగి వచ్చిందని ఒక్క స్టార్ ఇచ్చాడు. ఇంకొకావిడకి పార్సిల్ ఆలస్యంగా వచ్చింది. ఆ కోపాలకీ రచయితకీ ఏం సంబంధమని నవ్వాడు. తను డేటా ఇంజనీర్. అంకె కనిపిస్తే అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసేదాకా ఊరుకునేవాడు కాదు.

మా పాపకి ఏడేళ్ళప్పుడు మావారికి పాంక్రియాస్‌లో కాన్సర్ అని తెలిసింది. అప్పటికే లివర్‌కి పాకింది. డాక్టర్ మెల్లగా, ఏమీ దాచకుండా చెప్పింది. మందుతో ఇంకొన్నాళ్ళు బతకొచ్చు, నయం మాత్రం కాదు అంది. ఆ రోజు ఇంటికొచ్చే దారంతా తనే డ్రైవ్ చేశాడు. నేను చేస్తానన్నా వినలేదు.

తెలిసినవాళ్ళు వండి తెచ్చారు, పాపని స్కూల్ నుంచి తీసుకొచ్చారు, పూజలు చేయించారు. వాళ్ళలో ఒక స్నేహితురాలు నాకొక పుస్తకం లింక్ పంపింది. తిండి మార్చుకుని, కొన్ని రసాలు తాగితే కాన్సర్ వెనక్కి తగ్గుతుందని చెప్పే పుస్తకం. నాలుగున్నర స్టార్ల పైనే ఉంది, వేలమంది రేటింగ్ ఇచ్చారు, ఒకసారి చూడు అని రాసింది. ఆమెని తప్పు పట్టలేను. ఆమె చోట ఉంటే నేనూ ఏదో ఒకటి పంపించాలని అలాగే ఆరాటపడి ఉండేదాన్ని.

రెండు రోజుల తర్వాత కీమోకి వెళ్ళాం. అక్కడ కిటికీ వైపు వాలు కుర్చీలు వరసగా ఉంటాయి, ఒక్కో కుర్చీ పక్కన మందు సంచి వేలాడే స్టాండు. బయట వాన. తను దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను ఫోన్‌లో ఆ పుస్తకం తెరిచాను. నిజం చెప్పాలంటే మూడు స్టార్ల దగ్గర మొదలుపెట్టలేదు. ఐదు దగ్గరే మొదలుపెట్టాను. నాకప్పుడు ప్రేమలో ఉన్నవాళ్ళ మాటలే కావాలనిపించింది.

మొదట్లో బాగానే అనిపించింది. తమ్ముడి కోసం కొన్నాం, అమ్మ కోసం కొన్నాం, దేవుడిలా దొరికింది ఈ పుస్తకం. పది చదివేసరికి, ఇన్నేళ్ళ అలవాటు నాకు తెలియకుండానే లోపల పని మొదలుపెట్టింది. కొన్ని రివ్యూలు పుస్తకం విడుదలైన వారంలోనే వచ్చాయి. మూడొందల పేజీల పుస్తకంలో ఏముందో ఒక్క ముక్క కూడా వాటిలో లేదు. ఒకే వాక్యం చిన్నచిన్న మార్పులతో నలుగురి పేర్ల కింద కనిపించింది. వాటిని పక్కన పెట్టాను. మిగిలినవి అబద్ధాలు కావు. ఎవరో నిజంగా కొని, నిజంగా నమ్మి రాసినవి. కానీ వాటిలో చాలావాటిలో ఒకే మాట ఉంది: ఈ రోజే మొదలుపెట్టాం. ఈ వారమే మొదలుపెట్టాం. చాలా నమ్మకంగా ఉన్నాం.

మొదలుపెట్టిన రోజున ఐదు స్టార్లు ఇచ్చారు. తర్వాత ఏమైందో ఎవరూ వచ్చి రాయలేదు. ఎవరొస్తారు? ఆ స్టార్లన్నీ ఆశకి వేసినవి, ఫలితానికి కాదు.

ఆ రివ్యూల్లో ఒకటి ఒక భార్య రాసింది. భర్తకి మావారికున్న జబ్బే. ఇద్దరు చిన్నపిల్లలున్నారని, ఆ రోజు పొద్దున మొదటి రసం చేసి ఇచ్చానని, ఆయన ముఖం చిట్లించుకుని తాగాడని రాసింది. రాసి అప్పటికి మూడేళ్ళు దాటింది. ఆవిడ పేరు మీద నొక్కాను. నొక్కితే ఆ మనిషి రాసిన మిగతా రివ్యూలన్నీ వస్తాయి. ఎవరైనా ఒకే కంపెనీ వస్తువులన్నిటికీ ఐదు స్టార్లు ఇస్తున్నారేమో చూడడానికి మావారు నేర్పిన పద్ధతే అది.

ఆవిడ అలాంటి మనిషి కాదు. మిక్సీ గురించి రాసింది, పిల్లల రెయిన్‌కోట్ గురించి రాసింది. రసం రివ్యూ తర్వాత తొమ్మిది నెలలు ఏమీ లేదు. ఆ పైన ఒకటే ఉంది. నాన్న చనిపోవడం గురించి పిల్లలకి చెప్పే బొమ్మల పుస్తకం. నాలుగు స్టార్లు. 'మంచి పుస్తకం. నేను ముందే కొని ఉండాల్సింది.'

నేను ఫోన్ బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏమంటున్నారు రివ్యూల్లో?" అన్నాడు తను. నిద్రపోతున్నాడనుకున్నాను.

ఇంకా చదువుతున్నానన్నాను. తను చెయ్యి చాపాడు. తర్వాత ఇస్తానన్నాను. చాపిన చెయ్యి అలాగే ఉంచాడు. ఆ చేతికి సూది గుచ్చి టేపు వేసి ఉంది. ఇచ్చేశాను.

ఏ రివ్యూ దగ్గర ఆగానో తెర మీదే ఉంది. తను చదివాడు. వెనక్కి వెళ్ళి రసం రివ్యూ చదివాడు, తేదీ చూశాడు, మళ్ళీ ముందుకొచ్చాడు. నర్సు వచ్చి సంచి మార్చి, ఎలా ఉందని అడిగితే బాగానే ఉందన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. నేను తన ముఖం చూడలేక కిటికీలోంచి కార్ల పార్కింగ్ చూస్తూ కూర్చున్నాను.

"మొదటిది వద్దు," అన్నాడు చివరికి. "రెండోది చూద్దాం."

నాకు ఏడుపొచ్చింది. అలా మాట్లాడకు, ఇంకా టైముందిగా అన్నాను.

"ఆవిడకీ ఉందనే అనిపించి ఉంటుంది," అన్నాడు. విసుగు లేదు ఆ మాటలో. నా చెయ్యి పట్టుకున్నాడు. "చదువు. ఇద్దరం కలిసి చూద్దాం."

అలా ఆ కుర్చీ దగ్గర, వాళ్ళ నాన్న చావు గురించి మా పాపకి చెప్పే పుస్తకం కోసం ఇద్దరం రివ్యూలు చదివాం. ఆవిడ మెచ్చుకున్నది ఒక్కటే చూసి ఊరుకోలేదు. ఆ విషయం మీద ఉన్న వాటిలో అన్నిటికంటే ఎక్కువ స్టార్లున్నది మొదట తీశాం. బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయో అని ఒకరు, చదువుతూ ఏడ్చేశానని ఇంకొకరు. ఏడ్చింది పెద్దవాళ్ళు, పిల్లలు ఏమన్నారో రాయలేదు అన్నాడు తను. రాసినవాళ్ళలో చాలామంది దాన్ని స్నేహితులకి కానుకగా పంపినవాళ్ళు. కొందరు పుస్తకం ఉచితంగా అందిందని కిందే రాశారు. అది తప్పేం కాదు, కానీ వాళ్ళ ఇళ్ళల్లో చావు లేదు. కిందికి వెళితే రెండు స్టార్లతో ఒక తండ్రి. ఈ పుస్తకంలో అమ్మ పెద్ద నిద్రలోకి వెళ్ళిందని ఉంది, అది చదివాక మా బాబు పడుకోవడానికి భయపడుతున్నాడు అని రాశాడు. అలాంటిదే ఇంకో ఇద్దరు రాశారు. మావారు ఫోన్‌లో ఆ పేజీ మూసేశాడు.

ఆవిడ మెచ్చిన పుస్తకానికి స్టార్లు తక్కువ. తిట్లు చదవమన్నాడు. చదివాను. మరీ మొరటుగా ఉంది, చనిపోయాడు అన్న మాట ప్రతి పేజీలో ఉంది. దేవుడి ఊసే లేదు. ధర ఎక్కువ, పేజీలు తక్కువ. తర్వాత మూడు స్టార్ల రివ్యూ ఒకటి. మా అమ్మాయి ఇది విన్నాక నువ్వు కూడా చనిపోతావా అని నన్ను అడిగింది, ఆ ప్రశ్న పుస్తకంలోనే ఉంది, జవాబుకి నేను సిద్ధంగా లేను అని ఒక తల్లి రాసింది.

"ఇదే," అన్నాడు తను. "వాళ్ళకి నచ్చనివన్నీ మనకి కావలసినవే."

సైట్‌లో చూపించిన నాలుగైదు పేజీలు కూడా చదివాం. లైబ్రరీలో ఉందేమో చూడనా అన్నాను, ఎందుకన్నానో తెలీదు, కొనడం ఆపాలనేమో. తిరిగి ఇచ్చేయాల్సింది వద్దన్నాడు. కొను అన్న చోట తనే నొక్కాడు.

లింక్ పంపిన స్నేహితురాలు తర్వాత అడిగింది, తెప్పించావా అని. లేదన్నాను. అయినా కొన్నాళ్ళపాటు ఆ రసాల పుస్తకం నన్ను వదల్లేదు. కూరగాయలు కోస్తూ, ఒకవేళ అనుకునేదాన్ని. సరిగ్గా చదివాననే తెలుసు. సరిగ్గా చదవడం వల్ల మనసుకి ఒరిగిందేమీ లేదు. తప్పుగా చదివి ఇంకో నాలుగు వారాలు నమ్మి ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

పుస్తకం వచ్చాక తను దాన్ని తన బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. ఒకట్రెండుసార్లు పెన్సిల్ పట్టుకుని దాంతో కూర్చోవడం చూశాను. నేను గదిలోకి వెళ్ళలేదు. అక్టోబర్‌లో, ఒక మధ్యాహ్నం, తను పోయాడు.

వచ్చినవాళ్ళందరూ పాపని దగ్గరకి తీసుకుని, నాన్న దేవుడి దగ్గరికి వెళ్ళాడమ్మా అన్నారు. మా అత్తగారు ఫోన్‌లో అదే అన్నారు. పాప అందరికీ తలూపింది. ఇల్లు ఖాళీ అయిన మొదటి శనివారం పొద్దున, పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ తింటూ అడిగింది: "నాన్న ఎప్పుడు వస్తాడు అక్కడి నుంచి?"

తన బల్ల సొరుగులోంచి ఆ పుస్తకం తీశాను. సోఫాలో పాపని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పేజీ చదివాను. చనిపోయాడు అనే మాట దగ్గర ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. చనిపోతే ఒంటికి నొప్పి ఉండదు, ఆకలి ఉండదు, ఊపిరి ఆడదు, మళ్ళీ లేవరు. పాప నా ముఖం చూడకుండా బొమ్మ మీదే వేలు తిప్పుతూ వింది.

"లేవనే లేవడా? నెవర్?"

లేవడని చెప్పాను. పాప ఏడ్చింది. వాళ్ళ నాన్న పోయాక అంతగా ఏడవడం అదే మొదటిసారి. నేనూ ఏడ్చాను. పుస్తకం మంచిదే అయినా, ఆ పొద్దుట అది మాకు ఏ ఓదార్పూ ఇవ్వలేదు. నిజం చెప్పింది, అంతే.

చాలాసేపటికి పాపే పుస్తకం మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. ఇంకో పేజీ తిప్పితే అక్కడ పసుపుపచ్చ కాగితం అంటించి ఉంది. పెన్సిల్‌తో, తెలుగులో, కీమో మందులకి వేళ్ళు తిమ్మిరెక్కాక వంకరపోయిన తన రాత. పాపకి తెలుగు చదవడం రాదు.

"నాన్న ఏం రాశాడు?"

చదివి వినిపించాను. 'ఇక్కడ కాసేపు ఆగు. నువ్వు కూడా చనిపోతావా అని అడిగే పేజీ ఇది. పాప తిప్పమంటేనే తిప్పు.'

పాప ఆ కాగితాన్ని అరచేత్తో మెల్లగా నొక్కి సరిచేసింది.

"తిప్పు అమ్మా," అంది.

తిప్పాను.