వంటావార్పు నాటి కాంక్రీటు

అల్మాస్‌గూడలోని ఆ చిన్న ప్రార్థనా మందిరంలో కూర్చుని పైకి చూస్తే, కప్పు మధ్యలో గోడ నుంచి గోడకు సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. ఈ మధ్య మందిరానికి కొత్త రంగు వేయించినప్పుడు ఎవరో దాన్ని పగులు అన్నారట. తెలంగాణ ఉద్యమం రోజుల్లో చెడిపోయిన కాంక్రీటు పోశారనీ, ఆ ఇంజినీరు ఆంధ్రాయన కాబట్టి పట్టించుకోలేదనీ ఇంకెవరో కలిపారట. అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజుల గురించి పాటలు, పుస్తకాలు చాలా వచ్చాయి. రోడ్డు మీద ఆగిపోయిన ఒక లారీ కాంక్రీటు గురించి నేను తప్ప రాసేవాళ్లు లేరు. ఆ గీత పగులు కాదని తెలిసినవాళ్లలో కూడా కొందరే మిగిలాం.

నేనప్పుడు ఆ సైటులో కాంక్రీటు పరీక్షలు చూసేవాణ్ని. చదువు ఇంటర్ దగ్గరే ఆగింది. మిగతాదంతా దిల్‌సుఖ్‌నగర్ గ్రంథాలయంలో నేర్చుకున్నాను. సాయంత్రం పని దిగి, కోచింగ్ సెంటర్ల పిల్లల గుంపును దాటుకుంటూ వెళ్లి, ఫ్యాను కింద బల్ల దొరికితే మూసేదాకా కూర్చునేవాణ్ని. నవలల బీరువా పక్కనే ఇంజినీరింగు పుస్తకాల బీరువా ఉండేది. రెండూ ఒకే ఇష్టంతో చదివాను. సిమెంటు నీళ్లతో కలిసి రాయిగా మారే విధానం మొదటిసారి చదివిన సాయంత్రం, ఇంటికి నడిచి వస్తుంటే ఫ్లైఓవరు స్తంభాలు ఇంకా లోలోపల నెమ్మదిగా గట్టిపడుతూనే ఉన్నట్టు అనిపించింది. చేత్తో ముట్టుకుని చూశాను కూడా. పగటి ఎండకు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

స్లంపు పరీక్ష కూడా అలాంటి వింతే. అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా, రెండు వైపులా తెరిచి ఉన్న ఇనుప శంకువు ఒకటి ఉంటుంది. మూరెడు కన్నా పొట్టిది. లోపల తడిపి, చదునైన ఇనుప పలక మీద పెట్టి, కదలకుండా అడుగున బయటికి వచ్చిన దాని చెవుల మీద రెండు కాళ్లతో నిలబడాలి. తాజా కాంక్రీటును నాలుగు పొరలుగా నింపుతూ, ఒక్కో పొరను గుండ్రటి మొన ఉన్న చువ్వతో ఇరవై అయిదుసార్లు పొడవాలి. పైన సమంగా గీకి, శంకువును నిదానంగా, నిటారుగా పైకి లాగాలి. అప్పుడు లోపలి ముద్ద తన బరువుకు తానే కుంగుతుంది. నిద్ర ముంచుకొచ్చిన మనిషి గోడకు జారగిలబడ్డట్టు ఉంటుంది. శంకువు ఎత్తు నుంచి ఆ ముద్ద ఎంత దిగిందో అదే స్లంపు. కొంచెమే దిగితే కాంక్రీటు బిరుసుగా ఉన్నట్టు. కమ్మీల మధ్యకు సరిగా పోదు, లోపల బొక్కలు మిగులుతాయి. మరీ పలక మీద పరుచుకుపోతే నీళ్లు ఎక్కువైనట్టు, లేదా పలుచన చేసే మందు ఎక్కువైనట్టు. ఒక పక్క ముక్క చెక్కలా జారిపోతే ఆ లెక్క చెల్లదు, మళ్లీ చేయాలి. రెండోసారీ అట్లాగే జారితే ఆ మిశ్రమంలో పట్టు లేదన్నమాట. ఆ ముద్ద కుంగుతున్న రెండు క్షణాలూ నేను ఊపిరి తీసుకునేవాణ్ని కాదు.

ఆ మందిరం, నల్లగొండ పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కొన్ని కుటుంబాలది. అప్పటిదాకా రేకుల షెడ్డులో ప్రార్థనలు చేసుకునేవారు. వాన వస్తే రేకుల చప్పుడులో మాట వినపడేది కాదు. గాలివానకు ఒకసారి రేకు లేచి ఒకామె భుజం మీద పడింది. సంఘానికి పెద్దదిక్కుగా ఉన్న ముసలామె ఆమే. మేమంతా పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. అప్పటి నుంచి ఆ చెయ్యి పైకి లేవదు. కప్పు వేసే రోజు తెల్లవారకముందే వచ్చి ఇసుక కుప్ప మీద కూర్చుంది.

"బిడ్డా, ఇది పడదు గదా?" అని అడిగింది.

"పడదు పెద్దమ్మా. ఇది రేకు కాదు."

"రేకు ఏసినోడు గూడ గట్లనే అన్నడు" అంది.

ప్లాంటులో కలిపిన కాంక్రీటుతో మొదటి బండ్లు ఉదయం సవ్యంగా వచ్చాయి. పంపుతో పైకి ఎక్కించాలి కాబట్టి నూట ఇరవై మిల్లీమీటర్ల స్లంపు కావాలని చెప్పి ఉంచాం. నూట పదిహేను, నూట ఇరవై, అలా వచ్చాయి. సగం కప్పు పడింది. తర్వాతి బండి రాలేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో, దానితోపాటు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటావార్పు అని ఫోను వచ్చింది. ప్లాంటు చౌరస్తాకు అవతల. బండి అప్పటికే బయలుదేరి జనం మధ్య చిక్కుకుంది.

మా మేస్త్రి ఉద్యమం మనిషి. మిట్టమధ్యాహ్నం కప్పు మీద నిలబడి, కింద ఉన్న ఇంజినీరుగారిని కవ్వించాడు.

"సారూ, మీ కాంక్రీటును మావోళ్లు ఆపిండ్రు. తెలంగాణ ఇస్తే ఇడుస్తరంట."

ఇంజినీరుగారిది గుంటూరు వైపు. నవ్వాడు.

"ఇవ్వటం నా చేతిలో ఉంటే నిన్నే ఇచ్చేసేవాణ్ని మేస్త్రీ, ఇవాళ స్లాబు ఉందని తెలుసుగా. ముందు ఆ పోసిన అంచు చూడు, గట్టిపడుతోందా?"

"పడుతుంది సార్. బొటనేలు కష్టంగ దిగుతుంది."

ఇంజినీరుగారు పైకెక్కి, రెండు దూలాల మధ్య నడిమి భాగంలో అడ్డంగా చెక్క పెట్టించి, అక్కడిదాకా ఉన్నదాన్ని నిలువుగా ఆపించాడు. కప్పు ఎక్కడ పడితే అక్కడ ఆపకూడదు. దూలం మీద కాకుండా, కప్పును తెంపే కోత బలం తక్కువగా ఉండే నడుమన ఆపాలి. బండి త్వరగా వస్తే చెక్క తీసి కొనసాగిద్దాం అనుకున్నాం.

బండి దాదాపు మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. వెనక కాంక్రీటు డ్రమ్ము తిరుగుతూనే ఉంది. నుదుట గులాల్‌తో డ్రైవరు దిగాడు.

"అన్నా, గంజి తాగిపిచ్చిండ్రు, పులిహోర పెట్టిండ్రు, ఆట గూడ ఆడిపిచ్చిండ్రు. బండిని మాత్రం ఇడువలే."

డ్రమ్మును కాసేపు వేగంగా తిప్పించి, మొదట జారింది వదిలేసి, మధ్యలోంచి తట్టలోకి పట్టుకున్నాను. శంకువు నింపి, పొడిచి, లాగాను. ముద్ద అందంగా, నలువైపులా సమానంగా కుంగింది. కొలత పెట్టాను. నూట ఇరవై అయిదు.

పైనుంచి మేస్త్రి కేక వేశాడు. "ఎంతొచ్చింది?"

"నూట ఇరవై అయిదు!"

"మస్తుంది! పంపు చాలు చెయ్యిండ్రి!"

పెద్దమ్మ ఇసుక కుప్ప మీంచి లేచింది. అందరి ముఖాల్లో వెలుగు. నా ముఖంలో కూడా ఉండే ఉంటుంది. ఆ ముద్ద పక్కన అలాగే కూర్చుండిపోయాను. అంచు చుట్టూ పలక మీద సన్నని తడి, కళ్లాపి చల్లినట్టు. ఎండ దాని మీద మెరిసింది. ఆ మెరుపులో గ్రంథాలయంలో చూసిన ఒక పటం గుర్తుకొచ్చింది. కాలం గడిచే కొద్దీ స్లంపు ఎట్లా తగ్గుతుందో చూపే గీత. వేడి ఎక్కువైతే ఇంకా నిటారుగా దిగుతుంది. ఆ గీత ఎక్కడా పైకి లేవదు. అంతసేపు ఎండలో తిరిగిన కాంక్రీటు బిరుసెక్కి, అరవైకో డెబ్బైకో వచ్చి ఉండాలి. ఇదేమో పొద్దుటి వాటి కన్నా పలుచగా ఉంది. కాలం వెనక్కి నడిచింది, లేదా దారిలో ఎవరో నీళ్లు పోశారు.

ఇంజినీరుగారు పక్కన చతికిలబడ్డాడు. చీటీ మీద బయలుదేరిన సమయం చూస్తున్నాడు.

"మీకూ అదే అనిపిస్తోందా?" అన్నాడు మెల్లగా.

"మంచిగొచ్చింది సార్. అదే భయమైతుంది."

డ్రైవరును పిలిచాడు. కోపం లేని గొంతుతో, "నీళ్లు పోశావా బాబూ?" అని అడిగాడు.

డ్రైవరు తల వంచుకున్నాడు. "ఏం చెయ్యాలె సార్. లోపల గడ్డ కట్టిందంటే నేనే డ్రమ్ముల దూరి సుత్తెతోని కొట్టాలె. ముందుగాల బండి ట్యాంకుల నీళ్లు పోసిన. అయి ఒడిసినయ్. గా వంటలు చేసే అక్కలు చూసి, పరేషాన్ గాకు తమ్మీ అని అన్నానికి తెచ్చిన నీళ్లు బిందెలతోని అందిచ్చిండ్రు."

"ఎన్ని బిందెలు?"

"లెక్క వెట్టలే సార్. ఆళ్లు అందిస్తుండ్రు, నేను పోస్తున్న."

మేస్త్రి కిందికి దిగి వచ్చాడు. "ఉద్యమం నీళ్లు సార్, ఏం గాదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత గంభీరంగా అన్నాడు, "సారూ, స్లంపు సరిపోయింది గదా. అంచు గట్టిపడ్తుంది. ఇప్పుడు పొయ్యకపోతే అతుకు పడ్తది."

పెద్దమ్మ నా వైపు చూసింది. "ఆ ఇనుప గొట్టం మంచిదనే చెప్పింది గద బిడ్డా?"

ఆమెకు ఎలా చెప్పాలో వెతుక్కున్నాను. "పెద్దమ్మా, అది ఎంత మెత్తగుందో చెప్తది, ఎంత బలముంటదో చెప్పదు. పాలు చిక్కగున్నయా పలుచగున్నయా మన కంటికి కనవడ్తది. చిక్కటి పాలల్ల నీళ్లు కలిపిండ్రా, మొదటి నుంచే పలుచటి పాలా, కండ్లకు తెల్వదు. దీంట్ల నీళ్లు కలిసినయ్. ఎన్నో ఎవలికి తెల్వదు."

ఆమె తన లేవని చేతిని రెండో చేత్తో పట్టుకుని, సగం పడిన కప్పు వైపు చూసింది.

ఇంజినీరుగారు లేచి నిలబడ్డాడు. "బిరుసెక్కి వచ్చుంటే మందు కలిపి చూద్దామనుకునేవాణ్ని. నీళ్లు ఎన్నో తెలియకుండా కప్పు మీదకి వద్దు. చెక్క అక్కడే ఉంచండి మేస్త్రీ. అతుకు పడితే పడనీ, మనం చూసుకుందాం. ఇది గేటు దగ్గర బాటలో పరిచేయండి, నడిస్తే చాలు దాని మీద."

మేస్త్రి గొణుగుతూనే పని మొదలుపెట్టాడు. ఆ బండిలోంచి కూడా పరీక్షకు ఇనుప అచ్చుల్లో ఘనాలు నింపి పెట్టాను. గట్టిపడ్డాక వాటిని నొక్కి పగలగొడితేనే బలం తేలేది. తెల్లారి అతుకు ముఖాన్ని మేస్త్రి తన చేత్తోనే గరుకుగా చెక్కి, కడిగి, సిమెంటు పాలు పూశాడు. ఆ రోజు రోడ్లు ఖాళీగా ఉన్నాయి. బండ్లు వరుసగా వచ్చాయి. మిగతా సగం పడింది. జనం చూసే గీత అదే.

నెల తిరిగేలోపు ఘనాల ఫలితం వచ్చింది. కప్పువి నిలిచాయి. బాటలో పోసిన దానివి కావలసిన బలం కన్నా తక్కువకే పగిలాయి. మరీ ఘోరమేం కాదు, కొంచెం తక్కువ. ఆ సంగతి పెద్దమ్మకు చెప్పడానికి వెళ్లాను. మందిరంలో ఇంకా తలుపులు పెట్టలేదు. ఆమె చాప వేసుకుని వెల్లకిలా పడుకుని, కప్పును చూస్తూ ఉంది.

"ఎంత తక్కువ?" అంది.

"కొంచెమే పెద్దమ్మా."

బయట సన్నగా వాన మొదలైంది. లోపల చప్పుడే లేదు. "గా కొంచెం మా నెత్తి మీద ఎందుకు బిడ్డా" అని, కళ్లు మూసుకుని అక్కడే నిద్రపోయింది.

పేర్లు రాయవద్దని కొందరు కోరారు, కొందరిని అడగడానికి వాళ్లు లేరు. అందుకని పనులతోనే చెబుతాను. చెక్క తీయనివ్వని ఇంజినీరుగారికి, ఒప్పుకోకుండానే అతుకును అంత బాగా చెక్కిన మేస్త్రికి, అబద్ధమాడకుండా నిజం చెప్పిన డ్రైవరుకు, నేను బల్ల దగ్గర ఉన్నంతసేపు ఫ్యాను ఆపని గ్రంథాలయం అటెండరుకు, ఎవరి బండో తెలియకుండానే తమ అన్నం నీళ్లు ఇచ్చేసిన ఆ అక్కలకు నా దండాలు.