ఆడి పద్నాలుగు, ఆగస్టు పద్నాలుగు

అరవ లెక్కలో ఆడి నెల పన్నెండో నాడు, సోమవారం, పొద్దున ఏడు గంటలు. చిత్తూరులో నేను ఆయాగా ఉండిన ఆసుపత్రిలో డ్యూటీ పట్టీ గోడకు అంటించినారు. ముప్పై దాటినాక చదువు నేర్చుకున్నదాన్ని, వేలు పెట్టి కూడబలుక్కుంటా చదివినాను. ఎల్లుండి బుధవారం నా పేరుండాది. నా సెలవు యాడ పెట్టినారో తెలుసునా? ఆగస్టు పద్నాలుగున!

నేను రాసిచ్చిన చీటీలో ఉండింది ఇంతే: "పద్నాలుగో తేదీ రాను." అరవదేశం అంచున ఉండే మా ఊర్లో ఆ నెలలో తేదీ అంటే ఆడి తేదీనే. ఆడి పద్నాలుగంటే ఆసుపత్రి లెక్కలో జూలై ముప్పై. ఆ పొద్దే మా అమ్మ విరిగిన చేతికి వేసిన కట్టు విప్పి, సరిచేసి, మళ్ళా కట్టాలని పుత్తూరు కట్టువైద్యుడు చెప్పినాడు. దాటితే ఎముక వంకరగా అతుక్కుంటాదన్నాడు.

ఆ మాట చెప్తే పక్కన నిలబడిన కాంపౌండరు నవ్వినాడు.

"ఏమ్మే, నీ పంచాంగం వేరా? వేలిముద్ర వేసే కాలంలో ఈ తిప్పలు లేవు కదా."

"అప్పుడు చీటీ నువ్వు రాసేవాడివి సామీ. దాంట్లో ఏముందో నాకు తెలిసేది కాదు."

"సరేలే, ఇప్పుడూ నేనే రాస్తా. బుద్ధి తక్కువై తప్పు రాసినాను, క్షమించవలెను అని నాలుగు వరసలు. కింద వేలు పెట్టు."

పెట్టలేదు. ఒకసారి వేలు పెడితే ఇంక ఎప్పటికీ వేలే. అదీగాక నాలుగు వరసలు తప్పు గురించే రాస్తే చదివేవాళ్ళకు తప్పే కనపడతాది, తేదీ కనపడదు. రెండో వార్డు ఆయాను అడిగి, ఆమె ఒప్పుకున్నాక, నా చేత్తోనే రాసినాను:

"జూలై 30 బుధవారం నాకు సెలవు కావాల. ముందు చీటీ బదులు ఇది పెట్టుకోండి. ఆ పొద్దు నా పని రెండో వార్డు ఆయా చూస్తాది. ఆగస్టు 14న నేను పనికి వస్తాను."

పెద్ద నర్సమ్మ చదివి తలెత్తింది. "ముందు చీటీలో పద్నాలుగని ఉందే?"

"అది ఆడి పద్నాలుగమ్మా. అదీ జూలై ముప్పై ఒకే నాడు."

ఆమెది అరవదేశంలో వేలూరు, ఆడి లెక్క తెలుసు. వేళ్ళ మీద లెక్కేసుకునింది. పాత చీటీ చించి బుట్టలో వేసి, పట్టీలో రెండు పేర్లు మార్చింది.

"ఇంకమీదట నెల పేరు కూడా రాయి."

"రాస్తానమ్మా."

కాంపౌండరు ఊరుకోలేదు. "క్షమించమని ఒక్క మాట కూడా రాయలేదే?"

"సెలవడిగినాను సామీ, దొంగతనం చేయలేదు."

నర్సమ్మ నవ్వు ఆపుకునేదానికి మొగం పక్కకు తిప్పుకునింది.

బుధవారం అమ్మను పుత్తూరు తీసుకుపోయినాను. కొన్నాళ్ళకు చేయి నేరుగానే అతుక్కునింది.

చీటీ ఇచ్చిన సోమవారం ఆసుపత్రిలో ఉండినోళ్ళు: పెద్ద నర్సమ్మ, కాంపౌండరు, రెండో వార్డు ఆయా, నేను. చీటీ కింద సంతకం నాది.