విద్యావతి మార్చిన మాత్రలు

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఒక మందుల షాపుంది. అందులో ఇరవై రెండేళ్ళుగా విద్యావతి నిలబడి మందులిస్తోంది. ఫార్మసీ చదివిన మనిషి. ఆవిడ స్టూలు మీద కూర్చోగా చూసినవాళ్ళు ఆ సందులో లేరు. చీటీ చేతికిస్తే చాలు, డాక్టరు గీసిన ఎంతటి కోడిగీతలనైనా గడగడా చదివేస్తుంది.

అది ఒక్కటే అయితే ఇంత పేరు వచ్చేది కాదు. గిరాకీల కడుపులు ఆవిడకు కంఠతా వచ్చు. ఎవరు శనివారం ఒంటిపొద్దుంటారు, ఎవరికి గుడ్డు పేరు చెబితేనే వాంతి వస్తుంది, ఎవరి అత్తగారు పశువుల ఎముకలతో చేసే జిలాటిన్ మాత్ర చూస్తే డబ్బా మొత్తం చెత్తలో పడేస్తుంది, అన్నీ తెలుసు. తన ఇంట్లోనూ నీచు రాదు కాబట్టి ఆ బాధ తనకు అర్థమవుతుందని ఆవిడ ధీమా. శాకాహారుల చీటీ వస్తే ముందు పచ్చచుక్క ఉన్న డబ్బా వెతుకుతుంది. "మీకు నేను చూసి ఇచ్చిన, నిమ్మళంగ వేసుకోండి" అంటుంది. వాళ్ళూ అలాగే వేసుకుంటారు. అడిగి తెలుసుకోవడమనే పని ఇరువైపులా ఎప్పుడో మానేశారు.

కిషన్ అలాంటి గిరాకీయే. సుల్తాన్ బజార్‌లో చీరల ఫాల్స్, లైనింగ్ గుడ్డలు అమ్ముతాడు, కాపురం నాంపల్లి స్టేషను వెనక. ఇంట్లో ఉల్లిపాయ కూడా కార్తీకమంతా కనబడదు. పోయిన ఏడాది రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు పదిహేను వందలు దాటి, పాంక్రియాస్ వాచి, వారం రోజులు దవాఖానలో మెలికలు తిరిగాడు. అప్పటినుంచి మిఠాయి లేదు, నూనె వంటలు లేవు, రోజూ ఒక మాత్ర. అయినా కొవ్వు తొమ్మిది వందల దగ్గర మొండికేసింది. రెండు నెలల కింద డాక్టర్ ఫణికుమార్ ఇంకో మందు చేర్చాడు. ఒమేగా-3, పూటకు రెండు చొప్పున రోజుకు నాలుగు గ్రాములు.

ఆ చీటీ చూసిన విద్యావతికి అది చేపనూనె అని తెలుసు. కిషన్ ముఖమూ తెలుసు. పాపం, ఈ మనిషి చేప ఎలా మింగుతాడు? అరలో అవిసె నూనె మాత్రలున్నాయి. వాటి మీదా ఒమేగా-3 అనే రాసి ఉంది, పక్కన పచ్చచుక్క నవ్వుతోంది. చూసి చూసి అవే ఇచ్చేసింది. పైగా "అదే ఇది అన్నా, మనోళ్ళు తినేది" అని తృప్తిగా చెప్పింది కూడా. ఆ రోజు ఆవిడకు ఎంత హాయిగా ఉందో!

మొన్న మంగళవారం కిషన్ భార్య నళిని షాపుకొచ్చింది. రిపోర్టు కౌంటరు మీద పడేసి నిలబడింది. ట్రైగ్లిజరైడ్లు వెయ్యీ ఎనభై.

నళినికి కోపమూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. కొత్త మందుకు ఈపాటికి నాలుగో వంతన్నా దిగాల్సిందని, దిగకపోగా పెరిగిందని, మందు మింగుతున్నాడా లేదా అని డాక్టరు అడిగాడట. మింగుతున్నాడు, తన కళ్ళముందే మింగుతున్నాడు. అంటే సుల్తాన్ బజార్‌లో చాటుగా ఏదో తింటున్నాడనేగా? మిర్చి బజ్జీలో, జిలేబీలో. అడిగితే ఒట్టు పెట్టుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇట్లా అబద్ధాలాడే మనిషి కాడే అని నళిని కొంగుతో ముక్కు తుడుచుకుంది. వెయ్యి దాటితే పాంక్రియాస్ మళ్ళీ వాచొచ్చని డాక్టరు హెచ్చరించాడట కూడా.

ఆవిడ వెళ్ళాక విద్యావతి మాత్రల డబ్బా తీసింది. కళ్ళజోడు పెట్టుకుని చిన్నక్షరాలు చదివింది. అవిసె నూనె, ఏఎల్ఏ అనే రకం ఒమేగా-3. అంతే. చీటీ జిరాక్సు తీసి చూసింది. డాక్టరు రాసింది ఈపీఏ, డీహెచ్ఏ, చేపలో ఉండే రకాలు. కాలేజీలో ఎప్పుడో చదివిన ముక్క లోపల ఎక్కడో కదిలింది.

ఫణికుమార్ క్లినిక్కుకు ఫోను చేసింది. ఊరికే తెలుసుకుందామని అన్నట్టు గొంతు పెట్టి, శాకాహారులకు చేపనూనె బదులు అవిసె నూనె ఇవ్వొచ్చా సార్ అని అడిగింది.

"ఇయ్యొద్దమ్మా," అన్నాడాయన. "అవిసెల ఉండేది పొట్టి రకం. చేపల ఉండేటివి పొడుగు గొలుసులు. పొట్టిదాన్ని మన ఒళ్ళు పొడుగు చేసుకుంటది గానీ నూటికి ఐదో పదో ఈపీఏ అయితది, డీహెచ్ఏ ఒక్కటి అవుడే కష్టం. కాలేయం కొవ్వు తయారుచేసుడు తగ్గించేది ఆ పొడుగువి, అదీ నాలుగు గ్రాములు పడితేనే. అవిసెలు మంచియే, రోజు తినమను. ఈ జబ్బుకు మందు మాత్రం కాదు."

ఆ వెంటనే, ఎవరికన్నా ఇచ్చినవా అని అడిగాడు.

"లేదు సార్, గట్లనే అడిగిన," అంది విద్యావతి.

ఫోను పెట్టేసి అక్కడే నిలబడిపోయింది. ఎందుకన్నది ఆ మాట? యాభై నాలుగేళ్ళ మనిషి, ఒక్క అబద్ధం ఎంత తేలిగ్గా జారిపోయింది! డాక్టరు రాసింది డాక్టరును అడక్కుండా మార్చడం తప్పని ఆవిడే కొత్తవాళ్ళకు చెబుతుంది. లైసెన్సు గోడకు ఫ్రేము కట్టి వేలాడుతోంది, అందులో ఫార్మసిస్టుగా పేరు తనదే. ఓనరుకు తెలిస్తే? కంప్లయింటు వెళ్తే? ఆ ఫికర్లన్నిటి అడుగున అసలు భయం ఉంది. రెండు నెలలుగా ఆ మనిషి మందు లేకుండా ఉన్నాడు.

బుధవారమంతా ఫోను చేతిలోకి తీసుకుంటూ పెట్టేస్తూ గడిపింది. నళినికి ఏమని చెప్పాలి? కంపెనీ మారిందని చెప్పి చప్పుడు చేయకుండా మందు మార్చేస్తే సరిపోదా? ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. అయినా ఆ ఆలోచన పోలేదు. ఇంటికెళ్ళి అన్నం కలిపి, తినకుండా చెయ్యి కడుక్కుంది.

గురువారం షాపు తెరవగానే తెగించి నళినికి ఫోను చేసింది. ఇవతలి మాట మొదలు కాకముందే అవతలినుంచి నళిని గొంతు గాబరాగా వచ్చింది. తెల్లవారినప్పటినుంచి కిషన్‌కు కడుపునొప్పి. గ్యాసని గోలీ వేసుకున్నాడు, తగ్గలేదు. రెండుసార్లు వాంతయింది.

"నొప్పి ఏడుంది వదినా? ఎన్కకు గుంజుతున్నదా?"

"ఔ. వీపుల పొడిచినట్లు ఉన్నదంటున్నడు."

విద్యావతి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏమీ తినిపించవద్దని, నీళ్ళు కూడా పట్టవద్దని, వెంటనే పోయినేడు చేరిన నాంపల్లి దవాఖానకే బయలుదేరమని చెప్పి, షాపు పక్కమనిషికి అప్పగించి ఆటో ఎక్కింది. ఆబిడ్స్ నుంచి నాంపల్లి ఎంత దూరమని? ఆ పొద్దు మాత్రం స్టేషన్ రోడ్డు తరగలేదు. బస్సు వెనక బస్సు, మధ్యలో బండ్లు. ఆటో డ్రైవరును జర తొందరగా అని మూడుసార్లు అడిగి తిట్లు తిన్నది. దేవుడా, ఆ మనిషికేమీ కాకూడదు, నా ఉద్యోగం పోతే పోనీ అని మొక్కుకుంది. ఉద్యోగం పోతే పోనీ అన్నప్పుడు నిజంగానే అనుకుందో లేదో ఆవిడకే తెలియదు.

దవాఖానలో కిషన్ మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకున్నాడు. నర్సు రక్తం తీసింది. కాసేపటికి ఆ గొట్టంలో పైన పాలు తేలినట్టు తెల్లగా తేరింది. అది కొవ్వు. విద్యావతి చూడలేక కిటికీ వైపు తిరిగింది. రిపోర్టుకు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నళిని మొగుడి కాళ్ళు నొక్కుతూనే ఉంది, తిడుతూనే ఉంది.

పాంక్రియాస్ మళ్ళీ వాచింది. అయితే తొలి దశలో వచ్చారు, పోయినేడంత ముదరలేదు. నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైను ఎక్కించారు, నొప్పికి సూది వేశారు. సాయంత్రానికి మనిషి కాళ్ళు చాపుకున్నాడు. ఫణికుమార్ వచ్చి చూసి, ప్రాణానికి భయం లేదని చెప్పాడు. తర్వాత మంచం పక్కన నిలబడి, ఏం తిన్నారు కిషన్ గారూ, నిజం చెప్పండి అన్నాడు.

"ఏం తినలేదు సార్," అన్నాడు కిషన్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవలూ నమ్ముతలేరు."

నళిని తల తిప్పుకుంది.

విద్యావతి మంచం దగ్గరికి వచ్చింది. ఊరుకుంటే ఇక్కడ ఎవరికీ తెలియదు. ఊరుకుంటే ఈ మనిషి పెళ్ళాం కళ్ళలో దొంగగానే ఉంటాడు.

"అన్న అబద్ధమాడ్తలేడు సార్," అంది. "మీరు రాసిన మందు ఆయన కడుపులకు ఒక్కరోజు పోలేదు. నేను అవిసె నూనె ఇచ్చిన. మొన్న మీతోని కూడ అబద్ధం చెప్పిన."

ఫణికుమార్ ముఖం గట్టిపడింది. అదే కారణమని తేల్చి చెప్పలేననీ, అడ్డుగా ఉండాల్సిన మందు మాత్రం లేకుండా పోయిందనీ అన్నాడు. ఈ సంగతి షాపు ఓనరుకు తానే ఫోను చేసి చెబుతానన్నాడు. విద్యావతి తలూపింది. నళిని ఆవిడను చూడలేదు, కిషన్‌నే చూస్తోంది. ఇన్ని రోజుల అనుమానానికి లెంపలేసుకోవాలో, ఏం చేయాలో తెలియక మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కిషన్ విద్యావతి వైపు తల తిప్పాడు.

"నన్ను ఒక్కమాట అడుగకపోతివి, చెల్లె?"

"మీరు చేపది ముట్టరని..."

"కూర ముట్ట. గిది దవాయి గదా. పోయిన ఏడు గా నొప్పి పడ్డంక, బతుకుతవంటే ఏం మింగమన్నా మింగుతుంటి. నా మనసు నీకెట్ల తెలుస్తది, అడుగకుండ?"

కోపంగా అనలేదు. అందుకే విద్యావతి నిలవలేకపోయింది. మంచం కడ్డీ పట్టుకుని ఏడ్చేసింది. ఇరవై రెండేళ్ళు అందరి కడుపులూ తెలుసనుకుంది. ఎవరి మనసూ ఎప్పుడూ అడగలేదు.

ఫణికుమార్ కొత్త చీటీ రాస్తూ, ఈసారి కిషన్‌నే అడిగాడు. నోటితో తినడం మొదలయ్యాక వాడాల్సిన మందుకు రెండు దారులున్నాయన్నాడు. చేప కూడా ఈ పొడుగు రకాన్ని ఎక్కువగా తన సొంతంగా చేసుకోదు, నీళ్ళలోని సన్న నాచు నుంచే దానికి వస్తుంది. ఆ నాచు నుంచి తీసిన మాత్రలూ దొరుకుతాయి, అవి శాకాహారమే, పొడుగు రకమే. అయితే ఒక్కో మాత్రలో తక్కువ ఉంటుంది, చాలా మింగాలి. ఈ జబ్బులో బాగా పరీక్షించి చూసింది చేపదే.

"చేపదే రాయండి సార్," అన్నాడు కిషన్, తడుముకోకుండా.

చీటీ మంచం మీదికి వచ్చింది. విద్యావతి అలవాటుగా చెయ్యి ముందుకు చాచింది. నళిని ఆ కాగితాన్ని ముందే తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"వద్దు విద్యావతి," అంది మెల్లగా. "గీడ కింద షాపుల నేనే తెచ్చుకుంట."